సవినయంగా నూట ఇరవై రూపాయలు

తెలుగులో ధర పెంపు లేఖలన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: ‘అనివార్య కారణాల వల్ల’. ఆ కారణాలేమిటో చెప్పకుండా ఉండడంలోనే వాటి అనివార్యత అంతా ఉంది. ఈ ప్రక్రియకు మన విమర్శకులు ఎన్నడూ న్యాయం చేయలేదు. ఆ లోటు తీర్చే అవకాశం 2024 అక్టోబరులో నాకు దొరికింది.

మా బావమరిది తెనాలిలో కాఫీ గింజలు వేయించి, మర పట్టి, నలభై రెండు హోటళ్లకు పొడి వేస్తాడు. ఎక్కువమంది కొనేది 60:40 రకం. అంటే కిలో పొడిలో ఆరు వందల గ్రాములు కాఫీ, నాలుగు వందల గ్రాములు చికోరీ. రెండేళ్లుగా కిలో 330 రూపాయలకు ఇస్తున్నాడు. ఒకరోజు మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చాడు.

“బావగారూ, పచ్చి గింజ కిలో 220 నుంచి 400 అయింది. ధర పెంచకపోతే మర ఆగిపోతుంది. పెంచితే ఖాతాదారులు పోతారు. మీరు పత్రికలకు రాస్తారు కదా, వాళ్లు నొచ్చుకోకుండా ఒక లేఖ రాసిపెట్టండి.”

రాశాను. మూడు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో హోటల్ యజమానుల ఔన్నత్యం. రెండో పేజీలో మన అనుబంధం. మూడో పేజీలో వియత్నాం. ఇది కల్పన కాదు. ప్రపంచంలో రోబస్టా కాఫీ అందరికన్నా ఎక్కువ పండించే దేశం అదే. 2024లో అక్కడ తీవ్రమైన కరవు వచ్చింది. లండన్ మార్కెట్లో రోబస్టా 2023 మొదట్లో టన్ను రెండు వేల డాలర్ల దగ్గర ఉండేది, 2024 సెప్టెంబరుకు అయిదు వేలు దాటింది. మన దేశంలో పండే కాఫీలో అధికభాగం ఎగుమతికే పోతుంది కనుక కొడగు రైతు దగ్గర కొనే వ్యాపారి కూడా లండన్ ధర చూసే బేరం మొదలుపెడతాడు. ఇదంతా నేను కరుణరసంలో రాశాను.

లెక్కలు చూసేది బావమరిది భార్య. మూడు పేజీలూ ఓపిగ్గా చదివింది.

“చాలా బాగుంది అన్నయ్యగారూ. ధర ఎక్కడ రాశారు?”

చివరి పేజీ అడుగున, ‘స్వల్ప సవరణ’ అన్న మాట వెనక దాచానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ముందుగా ఒక్క ఖాతాదారుకు చూపిద్దామని మాత్రం అంది.

బస్టాండు ఎదుట టిఫిన్ హోటల్ యజమాని నా లేఖను కళ్లజోడు పెట్టుకుని చదివాడు. చదివి, తిరగేసి, వెనకవైపు కూడా చూశాడు.

“కరవు వియత్నాంలో వచ్చిందన్నారు. మనకు అరకు ఉండగా వియత్నాం గొడవ ఎందుకండీ?”

నేను ఉలిక్కిపడ్డాను. అరకులో పండేది అరబికా అనీ, దాని ఖరీదు ఇంకా ఎక్కువనీ, హోటల్ డికాక్షన్‌కు చిక్కదనం ఇచ్చే రోబస్టా మనకు కర్ణాటక, కేరళ కొండల నుంచి వస్తుందనీ బావమరిదే చెప్పాడు. ఆయన తల ఊపి, “సరే, మీకు ఎంత పెరిగింది, నాకు ఎంత పెంచుతున్నారు? ఆ రెండు అంకెలు చెప్పండి” అన్నాడు. సాహిత్యాభిరుచి లేని మనిషి అనుకున్నాను.

ఆ రెండు అంకెలు రాబట్టడం పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. గింజ వేగేటప్పుడు తేమ పోయి బరువు తగ్గుతుంది. కిలో పచ్చి గింజ వేయిస్తే మా బావమరిదికి 830 గ్రాములు చేతికొస్తుంది. కనుక మిశ్రమంలోని 600 గ్రాముల కాఫీకి దాదాపు 720 గ్రాముల పచ్చి గింజ కావాలి. పచ్చి గింజ మీద పెరిగింది 180 రూపాయలు. ఆ లెక్కన కిలో పొడి మీద అతనికి పెరిగిన ఖర్చు 130. చికోరీ ధర మారలేదు, కరెంటు మారలేదు, కూలీ మారలేదు. నేనైతే నా లేఖలో డీజిలు, జీతాలు, యుద్ధాలు కూడా కలిపేశాను. కారణాలు ఎన్ని ఎక్కువైతే నమ్మకం అంత పెరుగుతుందని నా సిద్ధాంతం. నాలుగు కారణాలు చెబితే మూడింటిని అనుమానిస్తారనీ, ఒకటే చెప్పి లెక్క చూపిస్తే నోరు మెదపరనీ ఆవిడ సిద్ధాంతం. ఆవిడ వ్యాపారస్తురాలు కనుక అంతకన్నా పైకి ఆలోచించలేదు.

ఇక అంకెను ఎలా చెప్పాలన్నది. ఆ 130లో పది తామే భరించి, 330 మీద 120 పెంచితే 36 శాతం. శాతం వినగానే మనిషికి బీపీ పెరుగుతుంది. హోటల్లో కిలో పొడికి దాదాపు వంద కాఫీలు వస్తాయి కనుక కప్పుకు రూపాయి ఇరవై పైసలు అని చెబుదామన్నాను. ఇందులో నా ప్రతిభ కొంత ఉందని ఆవిడ కూడా ఒప్పుకుంది. అయితే బస్టాండు హోటల్ ఆయన రోజుకు మూడు వందల కాఫీలు అమ్ముతాడు. నెలకు తొంభై కిలోలు. కప్పుకు రూపాయి ఇరవై అని మనం అంటుండగానే ఆయన మనసులో నెలకు 10,800 అనుకుంటాడు. అది కూడా మనమే చెప్పేస్తే, దాచామన్న మాట రాదని ఆవిడ వాదన. కత్తి మనమే చూపించి పొడవాలన్నమాట. ఇంత నిజాయితీ నాకు అలవాటు లేదు.

అప్పుడు నేను నా బ్రహ్మాస్త్రం తీశాను. అసలు లేఖే వద్దు, ధర పెంచవద్దు, మిశ్రమాన్ని మాత్రం 60:40 నుంచి 53:47కు నిశ్శబ్దంగా జరుపుదాం. కాఫీ 51 శాతానికి తగ్గనంతవరకు చట్టానికి అభ్యంతరం లేదు. కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్నది పొట్లం మీద వేయాలన్న నిబంధన ఉంది నిజమే, చీమకాలంత అక్షరాలతో వేద్దాం అన్నాను. ఆవిడ అక్కడికక్కడే కాగితం మీద గుణించింది. చికోరీ కిలో 150 పడుతోంది. మిశ్రమం మార్చినందువల్ల కిలోకు మిగిలేది ఇరవై మూడు రూపాయలు. కావలసినవి నూట ముప్పై! మోసానికి కూడా గిట్టుబాటు ఉండాలి కదా.

పైగా ఆ మోసం బయటపడేది యజమాని దగ్గర కాదు, కాఫీ మాస్టర్ దగ్గర. చికోరీ ఎక్కువైన పొడి నీళ్లు పట్టి ఉంచుతుంది, ఫిల్టరు నుంచి డికాక్షన్ బొట్లు బొట్లుగా దిగుతుంది. రంగు నల్లగా, గట్టిగా వస్తుంది, వాసన మాత్రం రాదు. తెల్లవారుజామున అయిదింటికి బస్సుల వాళ్లు వరసకట్టి నిలబడ్డప్పుడు డికాక్షన్ దిగకపోతే ఆ మాస్టర్ ఎవరిని తిడతాడో నాకు చెప్పనక్కర్లేదు.

చివరికి వెళ్లిన లేఖ ఇదీ. సాహిత్య చరిత్ర కోసం యథాతథంగా ఇస్తున్నాను:

‘నవంబరు 1 నుంచి 60:40 పొడి కిలో 330 బదులు 450 రూపాయలు. పచ్చి గింజ 220 నుంచి 400 అయినందువల్ల మాకు కిలోకు 130 పెరిగింది. అందులో 10 మేము భరిస్తున్నాం. మిశ్రమం మార్చడం లేదు. అక్టోబరులో మీరు మామూలుగా తీసుకునేంత సరుకు పాత ధరకే ఇస్తాం. పచ్చి గింజ 350కి దిగిన రోజున మేమే వచ్చి ధర తగ్గిస్తాం.’

ఒక విశేషణం లేదు. ఒక ఉపమానం లేదు. ‘సహృదయంతో అర్థం చేసుకోగలరు’ అన్న మాట కూడా లేదు. చదివి సిగ్గుపడ్డాను. పెద్ద ఖాతాదారులు పదకొండు మందికి కాగితం చేరకముందే బావమరిది స్వయంగా వెళ్లి నోటితో చెప్పాడు. సరుకు దింపే కుర్రాడి నోట వినడం కన్నా అవమానం లేదని అతని అభిప్రాయం.

‘మామూలుగా తీసుకునేంత’ అన్న మాటను నేను తీవ్రంగా వ్యతిరేకించాను. విశ్వాసపాత్రులకు హద్దులా? కొందరికి నోటితో ఆ హద్దు నేనే ఎత్తేశాను. ఒక హోటల్ ఆయన పాత ధరకే మూడు నెలల పొడి ఎత్తుకెళ్లాడు. మర పట్టిన పొడికి వారాల్లోనే వాసన తగ్గిపోతుంది. డిసెంబరులో ఆయనే ఫోను చేసి, ధర పెంచిన దగ్గర నుంచి మీ సరుకు పాడైపోయిందని నిష్ఠూరమాడాడు. పాత ధరకు కొన్న సరుకే అది.

నా రెండో సేవ ఇంకా గొప్పది. కొత్త ఖాతాదారులను ఆకర్షించడానికి మొదటి మూడు నెలలు 390కే ఇద్దామని సలహా ఇచ్చి, ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఒక హోటలుకు అమలు చేయించాను. అది బస్టాండు హోటలుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కుర్రాడు రెండు చోట్లా ఒకే బిల్లు పుస్తకంతో వెళ్లాడు. పై రశీదు వెనక ఉన్న కార్బన్ కాగితం ఎత్తి చూడడానికి బస్టాండు హోటల్ ఆయనకు అర నిమిషం పట్టింది. ఏడేళ్లుగా కొంటున్నవాడికి 450, ఏడు రోజుల వాడికి 390. గింజ ధర పెరిగిందంటే కిక్కురుమనకుండా కట్టిన మనిషి, ఆ రోజు మాత్రం కాఫీ కూడా ఇవ్వకుండా పంపించాడు. తేడా సొమ్ము ఆయన ఖాతాలో జమ చేసి, బావమరిది వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు. నన్ను వెంట తీసుకెళ్లలేదు.

మొత్తం మీద నలభై ఇద్దరిలో ముగ్గురు మానేశారు. ఆ ముగ్గురూ అంతకుముందే బాకీలు ఎగ్గొట్టే పనిలో ఉన్నవాళ్లని ఖాతా పుస్తకం చెబుతోంది.

అసలు విషాదం 2025 జూలైలో వచ్చింది. లండన్‌లో రోబస్టా నాలుగు వేల డాలర్ల కిందికి దిగింది. ఇక్కడ పచ్చి గింజ 330 అయింది. లేఖలోని ఆఖరి వాక్యం నిజంగానే నెత్తిన పడింది. నా మూడు పేజీల లేఖే వెళ్లి ఉంటే వియత్నాంలో ఎన్ని వానలు కురిసినా మనల్ని అడిగేవాడు ఉండేవాడు కాదు! ఆవిడ యాభై రూపాయలు తగ్గించి, కిలో 400 అని కాగితం కొట్టించింది. తగ్గింపు లేఖకు తెలుగులో ఒరవడి లేదు. ‘అనివార్య కారణాల వల్ల తగ్గిస్తున్నాం’ అని రాస్తే ఎవరైనా నమ్ముతారా?

ఆ కాగితం పట్టుకుని బస్టాండు హోటలుకు ఈసారి నేనే వెళ్లాను. యజమాని చదివి, ఎంతో సంతోషించి, మర్యాదగా కాఫీ తెప్పించాడు. గోడ మీద ధరల బోర్డులో ‘కాఫీ’ పక్కన 15 మీద అంటించిన 20 స్టిక్కరు ఉంది. నిరుడు మా లేఖ అందిన మర్నాడే అంటించారట. కప్పుకు రూపాయి ఇరవై పెరిగితే అయిదు రూపాయలు. వివరణ లేదు, గడువు లేదు, వియత్నాం లేదు.

“పొడి ధర తగ్గింది కదండీ, మరి ఆ స్టిక్కరు?” అన్నాను.

ఆయన బోర్డు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

“రాయడం రాక ఆగానండీ. మీరు పత్రికలకు రాస్తారట కదా, ఏమైనా రాసిపెడతారా? మూడు పేజీలైనా ఫరవాలేదు.”