నెలసరికీ మలబద్ధకానికీ మధ్య ఉన్నది విషం కాదు

"పీరియడ్స్ ముందు మోషన్ గట్టిపడితే చెడు రక్తంలోని విషం పేగుల్లో చేరినట్టే. ముట్లు ఆగాక ఆ విషానికి దారే ఉండదు, అందుకే యాభై దాటిన ఆడవాళ్లకు మలబద్ధకం. అంతా హార్మోన్లే, డాక్టర్ దండగ. ఆదివారం ఆదివారం ఆముదం తాగి కడుపు కడుక్కోండి."

ఈ మెసేజ్ నాకు ముగ్గురు పంపారు. మెడికల్ షాపు నడుపుతాను కాబట్టి, దీని ఫలితం నా కౌంటర్ దగ్గరికే వస్తుంది.

ముందు విషం సంగతి. గర్భాశయం నుంచి పేగులోకి దారే లేదు. బయటికి వచ్చేది మామూలు రక్తం, దాంతోపాటు గర్భాశయపు లోపలి పొర. ఒంట్లో వ్యర్థాల పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి, అవి నెలకోసారి కాదు, రోజూ చేస్తాయి. మరి మోషన్ ఎందుకు గట్టిపడుతుంది? 28 రోజుల నెలసరిలో 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి, 21వ రోజు దగ్గర బాగా ఎక్కువగా ఉంటుంది. గర్భాశయపు కండరాన్ని వదులుగా ఉంచడం దాని పనుల్లో ఒకటి. పేగు గోడలో ఉన్నదీ అలాంటి కండరమే. అది మందగిస్తే మలం నెమ్మదిగా కదులుతుంది, అందులోని నీరు ఎక్కువగా ఇంకిపోయి గట్టిపడుతుంది. ఇది అందరికీ ఒకేలా ఉండదు. కొలిచి చూసిన పరిశోధనల్లో కొన్నింటికి తేడా కనిపించింది, కొన్నింటికి కనిపించలేదు.

నెలసరి మొదలయ్యే ముందు ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై గర్భాశయాన్ని పిండుతాయి, వాటి ప్రభావం పేగు మీదా పడుతుంది. అందుకే నిన్నటిదాకా ముక్కినా రాని మోషన్ మొదటిరోజు రెండు మూడుసార్లు పల్చగా అవుతుంది. చాలామందికి ఇది రక్తస్రావం సరిగ్గా మొదలవకముందే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట. నొప్పికి వాడే మాత్రల్లో మెఫెనమిక్ యాసిడ్‌తోపాటు డైసైక్లోమిన్ కలిపినవి మన దగ్గర బాగా అమ్ముడవుతాయి. డైసైక్లోమిన్ పేగు కదలికనూ తగ్గిస్తుంది. "పీరియడ్స్‌లో మూడు రోజులు మోషనే కాదండీ" అనేవాళ్లను నేను ముందు అడిగేది ఆ మాత్ర గురించే.

ఇక ముట్లు ఆగాక. అప్పుడు ప్రొజెస్టెరాన్ దాదాపు ఉండదు. నెలసరి ముందు పేగును మందగింపజేసింది అదే అయితే, అది పోయాక మోషన్ సులువు కావాలి కదా! ఈస్ట్రోజెన్ తగ్గడానికి కొంత పాత్ర ఉండొచ్చు గానీ, కారణాలు ఎక్కువగా వేరేచోట ఉంటాయి.

మా షాపుకు వచ్చే ఒకావిడకు 58 ఏళ్లు. ఆదివారం ఆముదం, బుధవారం చూర్ణం. "అమ్మాయ్, మంగళవారం కల్లా మళ్లీ కట్టేస్తోంది" అంది. ఆముదం పేగును మొత్తం ఖాళీ చేస్తే అది నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. లోపల ఏమీ లేనప్పుడు మోషన్ ఎలా అవుతుంది? దాన్ని మలబద్ధకం అనుకుని చూర్ణం వేసుకుంటోంది. అలా వదులుతూ పోతే ఒంట్లో నీరూ పొటాషియమూ కూడా తగ్గుతాయి.

"వాడే మందులన్నీ తెండమ్మా" అన్నాను. సంచిలోంచి కాల్షియం కార్బొనేట్ రోజుకు రెండు, ఎనిమిది నెలల కిందటి చీటీతో ఇంకా మింగుతున్న ఐరన్ బయటపడ్డాయి. రెండూ మోషన్ గట్టిపరిచేవే. డాక్టర్ దగ్గరికి పంపితే పరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. అదీ పేగును మందగింపజేస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున మొదలుపెట్టి, కాల్షియాన్ని దానికి నాలుగు గంటల ఎడంగా పెట్టారు. ఐరన్ ఆపాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసి నిర్ణయించారు. ఆముదం బదులు ఇసబ్‌గోల్ ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తగ్గితే అది గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది, ఇది మాత్రం గట్టిగా చెప్పాను.

కొందరికి మలం మెత్తగానే ఉంటుంది, కానీ యోని వెనక గోడను వేలితో నొక్కితే గానీ బయటికి రాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. కాన్పుల్లో సాగిన కటి కండరాలు వదులై పురీషనాళం ముందుకు ఉబ్బితే అలా జరుగుతుంది. దానికి ఎన్ని చూర్ణాలు తాగినా లాభం లేదు, గైనకాలజిస్టు చూడాల్సిందే.

డాక్టర్ దండగ అన్న మాట మాత్రం ప్రమాదకరం. ప్రతినెలా ముట్టు రోజుల్లోనే మోషన్‌కు వెళ్తుంటే లోపల పొడిచినట్టు నొప్పి వస్తే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయపు లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరగడం, ఉందేమో చూడాలి. 50 దాటాక మోషన్ తీరు కొత్తగా మారినా, రక్తం పడినా, బరువు తగ్గినా, వారాల తరబడి పొట్ట ఉబ్బరంగా ఉండి కొంచెం తినగానే నిండిపోతున్నా ఆగకూడదు. ముట్లు ఆగిన మనిషికి ఐరన్ లోపంతో రక్తహీనత వస్తే నెలసరి మీద నెపం వేయడానికి లేదు. రక్తం పేగుల్లో ఎక్కడైనా పోతోందేమో వెతకాలి, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రాసేది అందుకే.