‘సీరియస్ కాదు’ అన్న అబ్బాయికి ఏమని రాయాలి?

మొన్న సంక్రాంతి సంబరాల్లో మనవాళ్లు వేసిన స్కిట్‌కి హాలంతా పగలబడి నవ్వింది. డేటింగ్ యాప్‌లో అమెరికా అబ్బాయి తగిలాడో లేదో, గుంటూరు పిల్ల పెళ్లిచీరలు బేరమాడేస్తుంది. అతనేమో ‘నథింగ్ సీరియస్’ అంటాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

బ్రాడీపేటలో ఉండే మా అన్నయ్య కూతురికి డిసెంబరులో అచ్చం ఇలాగే జరిగింది. చీరల బేరం తప్ప. టిండర్‌లో మ్యాచ్ అయిన అబ్బాయి సెలవులకు విజయవాడ వచ్చాడట. ప్రొఫైల్లో దేనికోసం చూస్తున్నాడో చెప్పేచోట Still figuring it out అని పెట్టుకున్నాడు. రెండో రోజు ‘సీరియస్‌గా ఏం చూడట్లేదు, జస్ట్ చిల్’ అన్నాడు. “అత్తా, సరే అననా, బ్లాక్ చేసెయ్యనా?” అని ఫోన్ చేసింది.

రెండూ వద్దు, ముందు అడుగు అన్నాను. ఆ మాట వెనక ఏమైనా ఉండొచ్చు. నిశ్చితార్థం చెడిపోయి కొన్నాళ్లు ఆగాలనుకునేవాళ్లు అంటారు. నాలుగు రోజులు మాట్లాడితే చాలు, పెద్దవాళ్లు గోత్రాలు, స్థలాల లెక్కలు మొదలెట్టేస్తారని భయపడేవాళ్లూ అంటారు (మన ఇళ్లలో ఆ భయం ఉత్తిదేం కాదు). తిరుగు ఫ్లయిట్ దాకా సరదాగా తిరుగుదామనుకునేవాళ్లూ అదే అంటారు.

పిల్ల ఇలా రాసింది: ‘ముందే చెప్పినందుకు థాంక్సండీ. నేను పెళ్లిదాకా వెళ్లే పరిచయం కోసం చూస్తున్నాను. మీరు ఇప్పుడప్పుడే వద్దంటున్నారా, ఇక్కడున్నన్నాళ్లూ సరదాకేనంటున్నారా?’

‘అంత ఆలోచించకు, ఫ్లోలో వెళ్దాం. రేపు నైట్ కలుద్దామా?’ అని వచ్చింది జవాబు. రెండిట్లో ఏదో చెప్పమంటే ఏదీ చెప్పకుండా కలుద్దామన్నాడంటే, ఇంక అడగాల్సిందేం లేదు. ‘మనకు కుదరదండీ, ఆల్ ది బెస్ట్’ అని రాసి అన్‌మ్యాచ్ చేసింది. అతను అసభ్యంగా ఏదైనా రాసుంటే మాత్రం ముందు స్క్రీన్‌షాట్ తీసుకుని రిపోర్ట్ చెయ్యమనేదాన్ని. అన్‌మ్యాచ్ చేశాక ఆ చాట్ మనకు కనిపించదు.

చాలామంది పిల్లలు ఇక్కడ ‘నాక్కూడా అంతే’ అని రాసేస్తారు. మనసులో మాత్రం పోనుపోను మారతాడులే అనుకుంటారు. తర్వాత ఏడిస్తే, ‘నేను ముందే చెప్పాగా’ అంటాడు. అది అబద్ధమూ కాదు. ఇంకొందరు అతని పెంపకం మీద పేజీలు పేజీలు రాస్తారు. సరదా కోరుకోవడం నేరమేం కాదు. ఇద్దరికీ అదే కావాలంటే మధ్యలో మనమెవరం?

తర్వాత మధ్యవర్తి ద్వారా తెలిసింది, అవే సెలవుల్లో ఆ అబ్బాయికి రెండు పెళ్లిచూపులు ఖాయమై ఉన్నాయట. అందుకే మన పిల్లల్ని, ముఖ్యంగా మగపిల్లల్ని, బతిమాలుకుంటున్నాను. గన్నవరంలో దిగి యాప్ తెరవగానే, మీక్కావాల్సింది Short-term fun అయితే ప్రొఫైల్లో అదే పెట్టండి నాయనా. తిరుగు ప్రయాణం ఎప్పుడో, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారో లేదో మొదటి రోజే చెప్పండి. ఇక స్కిట్లు రాసేవాళ్లు, వచ్చే ఏడాది ఆ అబ్బాయి మీద ఒకటి రాయండి.