మేనేజర్ గారి బయోలో వడ్ల బస్తాలేవి?

“పాతికేళ్లు బ్యాంకు మేనేజర్‌గా చేశామంటే ఎంబీఏ కాలేజీ వాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. పీహెచ్‌డీ గొడవే లేదు. బయోలో హోదాలు, చేసిన బ్రాంచీలు, వచ్చిన అవార్డులు, పెంచిన బిజినెస్ వరుసగా రాసేయండి. క్లాసులో మన అనుభవాలు చెబితే సరిపోతుంది, పుస్తకం ఎవరైనా చెప్తారు.”

రిటైర్‌మెంటు దగ్గర పడ్డ బ్యాంకు అధికారుల మధ్య ఈ సలహా బాగా తిరుగుతోంది. నల్లగొండ వైపు ఒక ఎంబీఏ కాలేజీలో గెస్టు ఫ్యాకల్టీ దరఖాస్తులు చూసే పని నా మీద పడుతుంటుంది కాబట్టి, దీన్ని నమ్మి రాసిన బయోలు నా బల్ల మీదికే వస్తాయి.

పీహెచ్‌డీ సంగతి ముందు తేల్చుకుందాం. అందులో సగం నిజముంది. 2022లో యూజీసీ తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాల ప్రకారం ఈ పదవికి డిగ్రీల పట్టింపు లేదు, తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం చూస్తారు. కానీ ఇవి మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు. గడువుతో కూడిన నియామకం, మొత్తం 3 ఏళ్లు దాటకూడదు, మరీ అవసరమైతే ఇంకో ఏడాది. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే దారి వేరు, అక్కడ ఏఐసీటీఈ అడిగే పీజీ చదువు ఉండి తీరాలి. అగ్రికల్చర్ బీఎస్సీతో బ్యాంకులో చేరి సీఏఐఐబీ పాసైన మేనేజర్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. సీఏఐఐబీ వృత్తి పరీక్షే తప్ప పీజీ డిగ్రీతో సమానం కాదు. కాబట్టి ఏ పోస్టుకు రాస్తున్నారో బయో మొదటి వాక్యంలోనే తెలియాలి.

అసలు పేచీ హోదాల వరుసతో. ఫీల్డ్ ఆఫీసర్, బ్రాంచి మేనేజర్, చీఫ్ మేనేజర్ అని చదివితే ఆయనకు ప్రమోషన్లు వచ్చాయని తెలుస్తుంది. క్లాసులో ఏం చెప్పగలరో తెలియదు. ‘బ్రాంచి బిజినెస్ రెట్టింపు చేశారు’ అన్న వాక్యంతోనూ అంతే. ఆ రెట్టింపులో ఎంత నిలిచింది, ఎంత మొండి బకాయిగా మారిందన్నది విద్యార్థికి పనికొచ్చే ప్రశ్న. దానికి జవాబు రాసిన బయోలు అరుదు.

మిర్యాలగూడ చుట్టుపక్కల పనిచేసిన మేనేజర్‌ను ఊహించుకోండి. అది రైస్ మిల్లుల ఊరు. మిల్లుకు సరుకు హామీ మీద 2 కోట్ల దాకా అప్పు వాడుకునే క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉందనుకుందాం. యజమాని నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాడు. ఈ నెల వడ్లు, బియ్యం కలిపి 3 కోట్ల 20 లక్షల సరుకు చూపించాడు. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాల్సిన బాకీ 40 లక్షలు తీసేస్తే 2 కోట్ల 80 లక్షలు. అందులో యజమాని వాటాగా 25 శాతం మార్జిన్ పోను డ్రాయింగ్ పవర్, అంటే ఆ సరుకు మీద వాడుకోదగ్గ అప్పు, 2 కోట్ల 10 లక్షలు. లిమిట్ 2 కోట్లే కాబట్టి మొత్తం వాడుకోవచ్చు. ఖాతాలో 1 కోటి 80 లక్షలు వాడి ఉన్నాడు. పుస్తకం ప్రకారం అంతా సవ్యమే, పరీక్షలో ఈ లెక్క వేసిన పిల్లాడికి పూర్తి మార్కులు పడతాయి.

ఇప్పుడు గోదాములోకి వెళ్దాం. అందులో కోటిన్నర విలువైన వడ్లు మిల్లువి కావు. ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల్లో రైతుల దగ్గర కొని కస్టమ్ మిల్లింగ్ కోసం పంపినవి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. మిల్లుకు దక్కేది మర ఆడించిన కూలి, తవుడూ ఊకా లాంటివి. ఆ వడ్ల మీద బ్యాంకుకు హక్కు రాదు. అవి తీసేస్తే సొంత సరుకు 1 కోటి 70 లక్షలు, బాకీ పోను 1 కోటి 30 లక్షలు, మార్జిన్ పోను డ్రాయింగ్ పవర్ 97 లక్షల 50 వేలు. అంటే ఖాతాలో 82 లక్షల 50 వేలు హద్దు దాటి ఉన్నాయి. స్టేట్‌మెంటులో ఒక్క అంకె కూడా తప్పు కాదు, బస్తాలు నిజంగానే ఉన్నాయి. లెక్కపెట్టి వచ్చిన కొత్త ఆఫీసరు ‘స్టాకు సరిపోయింది’ అని రాసి సంతకం పెట్టేస్తాడు.

ఇది పట్టుకునే పద్ధతి ఎలాగన్నదే పాఠం. యాసంగి కోతల నెలలో సరుకు కోటిన్నర పెరిగింది. మరి ఆ నెల ఖాతాలోంచి రైతులకో కమీషన్ ఏజెంట్లకో అంత డబ్బు వెళ్లిందా? వెళ్లలేదు. పోనీ అప్పు మీద కొన్నాడా అంటే బాకీల పద్దు కూడా 40 లక్షల దగ్గరే ఉంది. డబ్బు పోలేదు, అప్పు పెరగలేదు, సరుకు మాత్రం పెరిగింది. ఎవరిదా సరుకు? ఈ ప్రశ్న వేసి పది నిమిషాలు విద్యార్థులను వాళ్ల మానాన వదిలేస్తే, స్టాకు రిజిస్టరు, కొనుగోలు బిల్లులు, బీమా పాలసీ ఎవరి పేరున ఉంది అని వాళ్లే ఒక్కొక్కటీ అడగడం మొదలుపెడతారు. వర్కింగ్ క్యాపిటల్ అధ్యాయం నేను ఏళ్లుగా చెప్తున్నాను కానీ ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, బ్యాంకు మనిషి దగ్గరే దొరికింది. (ఆయన బయోలో మాత్రం మిల్లు ఊసే లేదు, మూడు అవార్డులున్నాయి.)

అలాగని అనుభవాలు చెప్పుకుంటూ పోతే క్లాసు నడవదు. పై ఉదంతాన్నే ‘ఒకసారి ఒక మిల్లాయన నన్ను మోసం చెయ్యబోయాడు, నేను పట్టేశాను’ అని చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు నవ్వి ఊరుకుంటారు. ఒక ఉత్తుత్తి స్టాకు స్టేట్‌మెంటు, ఆ నెల ఖాతా నకలు లాంటి కాగితం, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఖాళీ నమూనా తయారుచేసి చేతికిస్తే గంటన్నర పని. పైగా డ్రాయింగ్ పవర్ సూత్రం ముందు వచ్చి ఉండాలి, లేకపోతే ఎక్కడ తప్పిందో వాళ్లకు కనిపించదు. పుస్తకం చెప్పే మనిషి అవసరం ఇక్కడే తెలుస్తుంది.

కథలతో ఇంకో ముప్పు గోప్యత. ఖాతాదారు సంగతులు బయటపెట్టకూడదన్న బాధ్యత మేనేజర్‌కు రిటైరైనా తప్పదు. మిర్యాలగూడలో ఫలానా ఏడు, ఫలానా రోడ్డు మిల్లు అన్నారంటే పేరు చెప్పకపోయినా క్లాసులో సగం మందికి తెలిసిపోతుంది. వాళ్లలో ఆ మిల్లాయన మేనల్లుడు ఉన్నా ఉంటాడు. ఊరు, ఏడాది మార్చండి. అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో హెచ్చవేస్తే నిష్పత్తులు చెడవు, పాఠమూ చెడదు. బ్యాంకు కాగితాల జిరాక్సు మాత్రం ఒక్కటీ తేవద్దు.

కాబట్టి బయో ఇలా ఉంటే నేను ఇంటర్వ్యూకు పిలుస్తాను:

“గెస్టు ఫ్యాకల్టీ పోస్టుకు దరఖాస్తు. ధాన్యం మిల్లుల వర్కింగ్ క్యాపిటల్, పంట రుణాలు – ఈ రెండింటిలో మంజూరు నుంచి వసూలు దాకా పనిచేశాను. స్టాకు స్టేట్‌మెంటును ఖాతాతో సరిచూసి, మిల్లుది కాని సరుకు మీద వాడుకున్న అప్పును గుర్తించడం ఎలాగో రెండు క్లాసుల్లో అభ్యాసంగా చేయించగలను. 90 రోజుల ఎన్‌పీఏ నియమం స్వల్పకాలిక పంట రుణాలకు రెండు పంట కాలాలుగా ఎందుకు మారుతుందో ఒక క్లాసు. నేను మంజూరు చేసి మునిగిన రుణం మీద ఒక క్లాసు. అభ్యాస పత్రాలు సొంతంగా తయారుచేసినవి, ఖాతాదారుల వివరాలు లేవు. ట్రెజరీ, విదేశీ మారకం నా రంగాలు కావు.”

చివరి వాక్యం తీసేయమని స్నేహితులు చెప్తారు. ఉంచండి. సెమిస్టరుకు టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఎవరికి ఏ అధ్యాయం ఇవ్వాలో మాకు దానివల్లే తెలుస్తుంది. అవార్డులకు అడుగున ఒక్క లైను చాలు. ఇంకా సర్వీసులో ఉండి వారానికో క్లాసు చెప్పాలనుకునేవారు బ్యాంకు ఇచ్చిన రాతపూర్వక అనుమతిని బయోతోపాటే జతచేయాలి.