ఐడియా కోసం వారం రోజులు

“ఫార్మా కంపెనీ డిస్పాచ్‌లో మేనేజర్‌ని. మానేసి సొంతంగా ఏదైనా పెట్టాలని ఉంది, ఐడియానే తట్టడం లేదు. వారం సెలవు దొరికింది, ఏం చేయాలి?”

మొదటి రెండు రోజులు, మీ డిపార్ట్‌మెంట్ బయటివాళ్లకు డబ్బు కట్టి చేయించే పనులు, ఎక్సెల్‌లో చేత్తో నెట్టుకొచ్చే పనులు గుర్తున్నంతవరకు రాయండి సార్. కంపెనీ ఫైళ్లు మాత్రం బయటికి తేవద్దు. ఉదాహరణకు 2–8 డిగ్రీల్లో వెళ్లాల్సిన పెట్టెలో ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్ రీడింగ్ హద్దు దాటితే, సరుకు పనికొస్తుందో లేదో తేలేదాకా ఆగిపోతుంది. ఆ రిపోర్టులు చూసిపెట్టే మనిషి చిన్న డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఉండకపోవచ్చు.

తర్వాత మూడు రోజులు అలాంటి డిస్ట్రిబ్యూటర్లను ఐదారుగురిని కలవండి. “ఈ సర్వీసు పెడితే వాడతారా?” అంటే మొహమాటానికి అందరూ ఊ అంటారు. “పోయినసారి ఇలా జరిగినప్పుడు ఏం చేశారు, ఎంత ఖర్చయింది?” అని అడగండి. ఎవరూ రూపాయి గానీ, రోజు గానీ పోగొట్టుకోకపోతే ఆ ఐడియా కొట్టేయండి.

ఆరో రోజు లెక్క. ఒక్కొక్కరు నెలకు 4,000 ఇస్తే లక్ష రావడానికి 25 మంది కావాలి. అంతమంది మీకు అందుబాటులో ఉన్నారా?

చివరి రోజు అపాయింట్‌మెంట్ లెటర్ చదవండి. మానేశాక పోటీ వ్యాపారం చేయకూడదనే షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. కానీ ఉద్యోగంలో ఉండగా సొంత వ్యాపారం వద్దన్న షరతు చెల్లుతుంది, కాబట్టి నోటీసు పీరియడ్ పూర్తయ్యేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.