రౌటర్‌ను ఇక శిక్షించకండి

కొత్త గేమ్ విడుదలైన రోజు సర్వర్ నిండి లోపలికి వెళ్లలేకపోతే మన ఇళ్లలో ముందు బలయ్యేది రౌటర్. ఏ పాపమూ ఎరుగని దాన్ని ఆరుసార్లు ఆపి, ఆరుసార్లు వేస్తాం. తర్వాత డీఎన్ఎస్ మారుస్తాం, వీపీఎన్ పెడతాం, ఆఖరికి గేమ్ మొత్తం తీసేసి రాత్రంతా మళ్లీ దించుకుంటాం. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు నిండిపోయాయంటే ఇంటి దగ్గర చెప్పులు మార్చుకున్నట్టు!

2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్‌కు ఎండ్‌వాకర్ అనే కొత్త భాగం వచ్చినప్పుడు ఈ పూజలన్నీ ఘనంగా జరిగాయి. తెర మీద కనిపించేది Error 2002. ఒక డేటా సెంటర్ లాగిన్ క్యూలో 17,000 మంది దాటితే తర్వాత వచ్చినవాళ్లకు అది వస్తుందని నిర్మాత నవోకి యోషిదా స్వయంగా వివరించారు. చిప్‌ల కొరత వల్ల కొత్త సర్వర్లు దొరకడం లేదన్నారు. చందాదారులకు ముందు 7 రోజులు, తర్వాత మరో 14 రోజులు ఉచితంగా ఇచ్చారు. అదీ చాలక కొన్నాళ్లు గేమ్ అమ్మకమే ఆపేశారు. గిరాకీ ఎక్కువైందని కొట్టు కట్టేసిన మహానుభావుల్ని చూడటం నాకు అదే మొదటిసారి.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. క్యూలో నిలబడ్డాక మన కనెక్షన్ క్షణం తెగినా అదే 2002 వచ్చేది. జబ్బులు రెండు, జ్వరం ఒకటే. గుమ్మంలోనే తిప్పి పంపిస్తే సర్వర్ నిండింది, మీరు చేయగలిగింది లేదు. క్యూలో మీ ముందున్నవాళ్ల అంకె తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఊడిందా, అప్పుడు మీ వైఫైని అనుమానించవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి. రౌటర్ అడ్రస్ వేరైతే `ipconfig`లో Default Gateway దగ్గర ఉన్నది వాడండి.

```
ping -n 100 192.168.1.1
```

చివర్లో Lost = 0 వస్తే మీకూ రౌటర్‌కూ మధ్య తప్పేమీ లేదు. నాలుగైదు పోయాయంటే దోషం ఇంట్లోనే ఉంది, ల్యాన్ కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చడం కూడా మీ చేతిలో పనే. ఊడిన వెంటనే తిరిగి వెళ్తే ఆ గేమ్ కాసేపు మీ స్థానం ఉంచేది. కాబట్టి ఆ సమయంలో టీ పెట్టుకోవడానికి లేవడం ఘోర అపరాధం.

నేను పది మీటర్ల కేబుల్ తెచ్చి హాలుకు అడ్డంగా పరిచాను. క్యూ తెగడం మానేసింది. అమ్మ మాత్రం రోజుకు రెండుసార్లు దాన్ని తన్నుకుని, "ఈ తాడేంట్రా?" అంటోంది.