నెలకు 5 వేల డాలర్ల గ్యారంటీ మెసేజ్‌కి జవాబు

"అమెరికాలో ఇంట్లో ఖాళీగా ఉన్న అక్కచెల్లెళ్ళారా! మనవాళ్ళకి ఓసీఐ, వీసా ఫారాలు నింపిపెట్టండి. ఇంట్లో వండిన కూరలు, పచ్చళ్ళు అమ్మండి. ఊళ్ళో అమ్మానాన్నలకు డబ్బు అందించండి. ఏ లైసెన్సూ అక్కర్లేదు. క్యాష్ తీసుకుంటే హెచ్4 వాళ్ళు కూడా చేసుకోవచ్చు. నెలకు 5 వేల డాలర్లు గ్యారంటీ. పది మందికి పంపండి."

నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది ఇది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళకు ఓసీఐ, పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల పని చేసిపెడుతుంటాను కాబట్టి ఉదాహరణలు టెక్సస్‌వే ఇస్తాను. ఓసీఐ అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు. వంట అమ్మకం రూల్స్ రాష్ట్రానికో రకం. వీసా రూల్స్ మాత్రం దేశమంతా ఒకటే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట క్యాష్ గురించిన మాట. హెచ్4 అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా, ఈఏడీ అంటే పని చేసుకోవడానికి అనుమతి కార్డు. ఈఏడీ లేని హెచ్4 మనిషి డబ్బు తీసుకుని పని చేస్తే అది అనుమతి లేని పనే. చేతికిచ్చారా, ఫోన్‌లో పంపారా అన్నది లెక్కలోకి రాదు. గ్రీన్‌కార్డుకి ఐ-485 వేసే రోజున ఆ ఫారమే అడుగుతుంది, అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని. ఉద్యోగం దారిలో వచ్చే గ్రీన్‌కార్డుకి 180 రోజుల దాకా ఒక సడలింపు ఉన్న మాట నిజమే. కానీ వారం వారం పచ్చళ్ళు అమ్ముతూ పోతే అది ఎప్పుడు కరిగిపోయిందో కూడా తెలియదు. ఆ ప్రశ్నకు లేదని రాస్తే ఇంకో తప్పు.

ఈఏడీ ఉంటే కథ వేరు. 2015 మే 26 నుంచి, హెచ్1బీ మీద ఉన్న భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 ఆమోదమైనా, ఆరేళ్ళు దాటి పొడిగింపు మీద ఉన్నా, హెచ్4 వాళ్ళు ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. అది చేతిలో ఉంటే సొంత వ్యాపారానికి అడ్డు లేదు. ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు మిగిలితే షెడ్యూల్ సి అనే టాక్స్ ఫారం, దాంతో పాటు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఉంటాయి. ఇంకోటి, 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్ అప్లికేషన్లకు పాత కార్డు దానంతటదే పొడిగింపు కావడం ఆగిపోయింది. కొత్త కార్డు వచ్చేలోపు పాతది అయిపోతే వ్యాపారం కూడా ఆపాల్సిందే. ముందే ఆర్డర్లు తీసుకుని డబ్బు పట్టుకున్నవాళ్ళకి అసలు టెన్షన్ అప్పుడే.

ఇక ఫారాలు. మెసేజ్ రాసినాయన ఓసీఐని, వీసాని ఒకే గాటన కట్టేశాడు. ఓసీఐ భారత ప్రభుత్వానికి పెట్టుకునేది. అమెరికా వీసా పొడిగింపు అమెరికా ఇమిగ్రేషన్ చట్టం కిందికి వస్తుంది. రెండో దాంట్లో సలహా ఇచ్చే అర్హత లాయర్లకు, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధులకు మాత్రమే ఉంది. మిగతావాళ్ళు అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు టైప్ చేయొచ్చు, అనువాదం చేయొచ్చు. ఫారం చివర ప్రిపేరర్ అన్న చోట తన పేరు రాసి సంతకం పెట్టాలి.

సలహా ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఒకావిడ అత్తగారు బీ2 విజిటర్ వీసా మీద వచ్చారు. పాస్‌పోర్టులో వీసాకి పదేళ్ళ గడువు ఉంది. కానీ ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే ఐ-94లో ఇచ్చింది ఆరు నెలలే. కోడలు ఫోన్ చేసి, "అక్కా, ఇంకో రెండు నెలలు ఉంచుకోవాలి. ఏ ఫారం వేయాలి, కారణం ఏం రాస్తే బాగుంటుంది?" అంటుంది. డబ్బు తీసుకుని ఆ రెండు ప్రశ్నల్లో దేనికి జవాబు చెప్పినా మీరు లాయర్ పని చేసినట్టే. ఐ-94 తేదీ లోపల పొడిగింపు ఫారం ఐ-539 చేరకపోతే ఆ పెద్దావిడ గడువు దాటి ఉన్నట్టు లెక్క, తర్వాత వీసాకి ఆవిడే జవాబు చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో అయితే లాయరు కానివాళ్ళు డబ్బుకి ఇమిగ్రేషన్ ఫారాల పని చేయాలంటే లక్ష డాలర్ల బాండ్ పెట్టాలి. లైసెన్సు అక్కర్లేదన్న ముక్క అక్కడి చెల్లెళ్ళు ఎంతమంది నమ్మారో!

ఓసీఐ, ఇండియన్ పాస్‌పోర్టు పనిలో ఆ ఇబ్బంది లేదు. అక్కడ కావలసింది ఓపిక, కాగితాలు సరిపోల్చి చూసే కన్ను. ఎక్కువగా ఫైళ్ళు ఆగేది పేర్ల దగ్గరే. మనవాళ్ళ పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒక్కచోటే ఉండటం మామూలే. వీసాకి వచ్చేసరికి మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు పేరు సరిచేయించుకుంటారు. అంటే నేచురలైజేషన్ సర్టిఫికెట్ మీద ఒక పేరు, రద్దయిన ఇండియన్ పాస్‌పోర్టు మీద ఇంకో పేరు. ఈ రెండూ ఒకే మనిషివని చూపించే కాగితం ఫైల్లో లేకపోతే అది వెనక్కి వస్తుంది. నేనైతే మొదటి ఫోన్‌లోనే అన్ని కాగితాల మీద పేరూ అక్షరం అక్షరం చదివించుకుంటాను. ఆన్‌లైన్‌లో నింపడం ఆ తర్వాతి మాట.

మెసేజ్‌లో ఊసే లేని పని ఇంకోటుంది, ఊళ్ళో ఆస్తికి పవర్ ఆఫ్ అటార్నీ. ఉదాహరణకి ఫ్రిస్కోలో ఉన్న అబ్బాయి మంగళగిరి దగ్గర తండ్రి వదిలిన స్థలంలో తన వాటా అమ్మడానికి అన్నకు అధికారం ఇవ్వాలనుకోండి. డ్రాఫ్టు గుంటూరులో వాళ్ళ వకీలే రాయాలి. సర్వే నంబరు, హద్దులు లింకు డాక్యుమెంట్లతో కలవాలి కదా. ఇక్కడ మనం డబ్బు తీసుకుని డ్రాఫ్టు రాస్తే అది కూడా లాయర్ పని కిందికే వస్తుంది. మన పని డ్రాఫ్టు వచ్చాక మొదలవుతుంది. ఖాళీలు ఏవీ లేకుండా చూసి, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందు సంతకం పెట్టించాలి. ఆ కాగితం ఆస్టిన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి అపోస్టిల్ కోసం, అంటే విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ కోసం వెళ్తుంది, ఫీజు కాగితానికి 15 డాలర్లు. నోటరీ ఏ రాష్ట్రం వాడైతే అపోస్టిల్ కూడా ఆ రాష్ట్రానిదే కావాలి. ఓక్లహోమాలో బంధువుల ఇంటికెళ్ళినప్పుడు అక్కడ నోటరీ చేయించుకుని వచ్చి ఆస్టిన్‌కి పంపితే తిరిగి వస్తుంది.

ఒరిజినల్ కొరియర్‌లో అన్న చేతికి చేరిన రోజు నుంచి మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో వాలిడేషన్ అంటారు. చేరిన తేదీకి రుజువు కొరియర్ కవరే. ఇళ్ళల్లో ముందు చించి పారేసేది దాన్నే! కవరు కాగితంతో పాటే ఉంచమని, ఫోటో తీసి పంపమని చెప్పడం కూడా మీరు తీసుకునే ఫీజులో భాగమే.

వంట సంగతికి వస్తే, టెక్సస్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇంటివంట అమ్మకం చట్టం బాగా సడలింది. ఏడాది అమ్మకం పరిమితి 50 వేల డాలర్ల నుంచి లక్షా 50 వేలకు పెంచారు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన వంటలు కూడా ఆరోగ్య శాఖలో పేరు నమోదు చేసుకుని అమ్మవచ్చు. కాబట్టి పప్పు, సాంబారు, పులిహోర అమ్మేందుకు దారి ఉంది. మాంసం, కోడి, చేప, రొయ్యలకు మాత్రం లేదు. అంటే ఆదివారం చికెన్ బిర్యానీ, రొయ్యల పచ్చడి, గోంగూర మటన్ ఇంటి వంటింట్లోంచి అమ్మకూడదు. గ్రూపుల్లో ఎక్కువ ఆర్డర్లు వచ్చేవి సరిగ్గా అవే. అవి అమ్మాలంటే గంటల లెక్కన అద్దెకిచ్చే లైసెన్సు ఉన్న వంటశాలకు వెళ్ళాలి, ఆ అద్దె ధరలో పడాలి.

శాకాహారం పచ్చళ్ళూ అన్నీ ఒకటి కావు. మామిడికాయ పులుపు వల్ల ఆవకాయకు పెద్ద భయం లేదు. పులుపుని కొలిచే పీహెచ్ పచ్చడికి 4.6, అంతకన్నా తక్కువ ఉండాలన్నది ఇక్కడ చూసే హద్దు. వెల్లుల్లి రెబ్బలు పులుపు లేకుండా నూనెలో ముంచి బయట పెడితే, గాలి ఆడని ఆ నూనె అడుగున బొటులిజం విషం తయారయ్యే వీలుంది. రంగు, వాసన చూసి అది తెలియదు. మా అమ్మమ్మ కాలం నుంచి తింటున్నాం అనే మాట ఇన్‌స్పెక్టర్ ముందు పనికిరాదు. అందుకే మొదలుపెట్టేవాళ్ళకి కంది పొడి, కరివేపాకు పొడి, సున్నుండలు, అరిసెలు తేలిక. నువ్వులు, వేరుశనగ పడ్డ ప్రతిదాని లేబుల్ మీద ఆ సంగతి ఉండాలి. నువ్వుల్ని 2023 నుంచి అమెరికా అలర్జీ జాబితాలో చేర్చారు. లేబుల్ మీదే, ఇది ప్రభుత్వ తనిఖీ లేని ఇంట్లో తయారైందని రాయాలి. పక్క రాష్ట్రంలో ఉన్న చెల్లెలి ఫ్రెండుకి పార్సిల్ వేస్తే ఈ చట్టం కాపాడదు.

డబ్బు అందించడం గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. ఇక్కడ డాలర్లు మీరు తీసుకుని, ఊళ్ళో మీ తమ్ముడి చేత రూపాయలు ఇప్పిస్తే అది హవాలా. అమెరికాలో లైసెన్సు లేకుండా డబ్బు బదిలీ వ్యాపారం చేస్తే ఐదేళ్ళ దాకా జైలు పడే నేరం. పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళడం, మందులు తెచ్చిపెట్టడం లాంటి పని కుదిర్చిపెట్టవచ్చు. అప్పుడు అక్కడి మనిషి ఫీజు, మందుల ఖర్చు పిల్లలు బ్యాంకు ద్వారా నేరుగా పంపాలి. ఆ డబ్బు మీ ఖాతాలోంచి తిరగకూడదు.

ఇక గ్యారంటీ లెక్క వేద్దాం. ఓసీఐ ఫైలుకి 60 డాలర్లు తీసుకుంటే 5 వేలకి నెలకు 84 ఫైళ్ళు కావాలి. పేర్లు సరిచూడటం, ఫోటో, సంతకం అప్‌లోడ్లు, మధ్యలో ఫోన్లు అన్నీ కలిపి ఒక్కోదానికి మూడు గంటలు అనుకుంటే 252 గంటలు. అదీ నెల నెలా కొత్త కుటుంబాలు దొరికితేనే. 2021 నుంచి ఓసీఐని మళ్ళీ తీసుకోవాల్సింది 20 ఏళ్ళు నిండాక కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు ఒక్కసారే. చిన్నపిల్లల పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త కాపీ అప్‌లోడ్ చేస్తే చాలు, దానికి ప్రభుత్వ ఫీజు కూడా లేదు. నిన్న వచ్చిన కుటుంబం మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. నా దగ్గర అయితే ఇంటి ఖర్చుకి ఆసరా అయ్యేది ఆస్తి కాగితాల పనే, అది కూడా మనవాళ్ళు సెలవులకి ఊరెళ్ళే ముందు నెలల్లో గుంపుగా వస్తుంది, మిగతా నెలల్లో ఫోన్ మోగడమే తక్కువ.