కెపాసిటర్ పెంచితే హమ్ పోతుందా?

ఒక పోస్టులో ఇలా రాశారు: "12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి బ్రిడ్జి, ఫిల్టర్ కెపాసిటర్ పెడితే చాలు, ప్యూర్ 12 వోల్టుల డీసీ వచ్చేస్తుంది. లోడ్ 1 ఆంపియర్ అయితే డయోడ్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ పోయేది 1 ఆంపియరే. ఆంప్లిఫయర్‌లో హమ్ వస్తే కెపాసిటర్ పెంచుతూ పోండి, ఎంత పెద్దదైతే అంత మంచిది."

మొదటి వాక్యంలో 12 వోల్టులు అన్నచోటే తేడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే 12 అనేది ఆర్‌ఎంఎస్ విలువ. కెపాసిటర్‌కి దానితో పని లేదు, అది తరంగం కొనదాకా నిండుతుంది. ఆ కొన 12 × 1.414, అంటే దాదాపు 17 వోల్టులు. పైగా 12 అన్నది పూర్తి లోడ్ ఉన్నప్పటి లెక్క. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉంటే సెకండరీలో 14 దాకా చూపిస్తుంది. అప్పుడు బ్రిడ్జి తర్వాత 18 వోల్టులు దాటుతుంది. 12 వోల్టులే కదా అని 16 వోల్టుల కెపాసిటర్ వేసినవాళ్లు, కొన్నాళ్లకు దాని నెత్తి ఉబ్బాక, కంపెనీని తిడతారు. 25 వోల్టులది వేస్తే ఆ గొడవ ఉండదు.

"ప్యూర్" అన్న మాటకి కాస్త ఎక్కువ జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగతా రెండు వాక్యాల్లోని పొరపాటు కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జి రెండు అర్ధభాగాలనూ ఒకే వైపుకి తిప్పుతుంది కాబట్టి 10 మిల్లీసెకన్లకు ఒక కొన వస్తుంది. కెపాసిటర్ 4700 మైక్రోఫారడ్, లోడ్ సరిగ్గా 1 ఆంపియర్ అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ తీగలకు నిరోధమే లేదని ప్రస్తుతానికి ఒప్పుకుందాం. కొన 17 వోల్టులు, దారిలో ఉన్న రెండు డయోడ్లు కలిపి సుమారు 1.8 వోల్టులు తినేస్తాయి, కెపాసిటర్ 15.2 దాకా నిండుతుంది. కొన దాటగానే ఏసీ తరంగం జారిపోతుంది. కెపాసిటర్ మాత్రం అంత తొందరగా దిగదు. డయోడ్ కరెంటు ఇవ్వాలంటే అవతలి వైపు వోల్టేజీ ఎక్కువ ఉండాలి కదా, ఇప్పుడు ఇవతలే ఎక్కువ ఉంది. కాబట్టి నాలుగు డయోడ్లూ మూసుకుంటాయి. ఆ క్షణం నుంచి లోడ్‌కి ట్రాన్స్‌ఫార్మర్‌తో సంబంధమే లేదు, అది బతికేది కెపాసిటర్ మీదే.

ఎంత దిగుతుందో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు:

```
V = I × t / C
  = 1 × 0.0084 / 0.0047
  ≈ 1.8
```

ఇక్కడ t అంటే డయోడ్లు మూసి ఉన్న సమయం, 8.4 మిల్లీసెకన్లు. ఈ అంకె ఎలా వచ్చిందో కింద చెబుతాను. కెపాసిటర్ 15.2 నుంచి 13.4కి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, సెకనుకు వంద సార్లు. ఇదే రిపుల్. దిగేటప్పుడు దాదాపు గీత గీసినట్టు వాలుగా దిగుతుంది, ఎక్కేటప్పుడు గబుక్కున ఎక్కుతుంది. రంపం పన్నులా ఉంటుందన్నమాట.

మల్టీమీటర్ డీసీలో పెడితే ఇదేమీ కనబడదు. సగటున 14.3 అని చూపించి ఊరుకుంటుంది. దీని తర్వాత 7812 పెట్టినవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ ఐసీ 12 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే లోపలికి కనీసం 14, కాస్త భద్రంగా అయితే 14.5 కావాలి. సగటు చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, కానీ ప్రతి పన్నూ అడుగుకి వెళ్లినప్పుడు 13.4 మాత్రమే అందుతుంది. అక్కడ రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, అవుట్‌పుట్‌లో సెకనుకు వంద గుంతలు పడతాయి. సప్లైని లెక్కగట్టాల్సింది సగటు చూసి కాదు, అడుగు చూసి.

రెండో వాక్యానికి వద్దాం. పోస్టు రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు, సగటు మాత్రమే చూస్తే వాళ్లన్నది నిజమే. ఇంకా చెప్పాలంటే బ్రిడ్జిలో ఒక్కో డయోడ్‌కి సగటున సగం ఆంపియరే వస్తుంది, రెండు జతలూ వంతులవారీగా పనిచేస్తాయి కాబట్టి. 1N4007 సగటు పరిమితి 1 ఆంపియర్. కెపాసిటర్ లోడ్ అయితే దాన్ని 20 శాతం తగ్గించుకోమని డేటాషీట్లలో రాస్తారు, అలా చూసినా డయోడ్ గట్టెక్కుతుంది. చిక్కంతా ఆ కరెంటు వచ్చే తీరులో ఉంది.

మున్సిపాలిటీ కుళాయి గుర్తు తెచ్చుకోండి. నీళ్లు పొద్దున గంటసేపే వస్తాయి, ఇంట్లో వాడకం మాత్రం రోజంతా ఉంటుంది. కాబట్టి ఆ గంటలో సంపులోకి రోజు మొత్తానికి సరిపడా పడాలి, పైపులో ధార అంత గట్టిగా ఉండాలి. డయోడ్లదీ ఇదే పని. అడుగున 13.4 వోల్టుల దగ్గర ఉన్న కెపాసిటర్‌లోకి కరెంటు మొదలవ్వాలంటే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ, డయోడ్ల 1.8 కూడా కలిపి, 15.2 దాటాలి. 17 వోల్టుల కొన ఉన్న తరంగం 15.2ని దాటేది కొనకి సుమారు 1.5 మిల్లీసెకన్ల ముందు. కొన దాటాక డయోడ్లు మరో పిసరు, 0.1 మిల్లీసెకన్ తెరిచి ఉంటాయి. మొత్తం 1.6. పదిలోంచి ఇది తీసేస్తే మిగిలేదే పైన చెప్పిన 8.4.

10 మిల్లీసెకన్లలో లోడ్ తాగేది 10 మిల్లీకూలుంబుల చార్జి. అదంతా 1.6 మిల్లీసెకన్లలో తిరిగి నింపాలంటే ఆ కాసేపూ సగటున 6 ఆంపియర్ల పైన పారాలి. డయోడ్లు తెరుచుకున్న క్షణంలో తరంగం ఇంకా నిటారుగా ఎక్కుతూ ఉంటుంది కాబట్టి అప్పుడు 12 ఆంపియర్ల దాకా వెళ్లి, కొన దగ్గర పడేకొద్దీ తగ్గుతుంది. లోడ్ మాత్రం ఒక్క ఆంపియరే!

ఇది కాగితం లెక్క. అసలు ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగల నిరోధం ఈ పోటుని అదుపు చేస్తుంది, పొట్టిగా చేసి వెడల్పు చేస్తుంది. నా బల్ల మీద ఉన్న 12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో సెకండరీకి, బ్రిడ్జికి మధ్య 0.1 ఓమ్ రెసిస్టర్ పెట్టి దాని రెండు కొసల మధ్య స్కోప్‌తో చూస్తే, దాదాపు 0.35 వోల్టుల ఎత్తున్న గుబ్బలు కనబడతాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్యలో చదునుగా సున్నా. అంటే 3.5 ఆంపియర్ల కొన, 4 మిల్లీసెకన్లకు కాస్త పైన వెడల్పు. (ఈ పని చేసేటప్పుడు డీసీ నెగటివ్‌ని ఇంకో తీగతో ఎర్త్‌కి కలపకండి. స్కోప్ క్లిప్ కూడా ఎర్తే, బ్రిడ్జిలో ఒక డయోడ్‌ని మీరే షార్ట్ చేసినట్టవుతుంది.)

ఇక వేడి సంగతి. తీగ వేడెక్కేది సగటు కరెంటుకి కాదు, ఆర్‌ఎంఎస్ కరెంటుకి. ఈ గుబ్బల ఆర్‌ఎంఎస్ సుమారు 1.64 ఆంపియర్లు. వేడి దాని వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 1 ఆంపియర్ లెక్కకి 2.7 రెట్లు. పోస్టులో చెప్పినట్టు 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌నుంచి 1 ఆంపియర్ డీసీ లాగితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కడానికి కారణం ఇదే. లోపల షార్ట్ ఉందేమో అని కొత్తది తెస్తారు, అదీ వేడెక్కుతుంది. డీసీ కరెంటుకి 1.6 నుంచి 1.8 రెట్ల రేటింగ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. వోల్టేజీ కూడా పడిపోతుంది. పూర్తి లోడ్‌లో నాకు సగటున 13 కూడా రాలేదు, కాగితం మీది 14.3 కాగితం మీదే ఉండిపోయింది.

హమ్ విషయంలో నేనూ ఒకప్పుడు ఆ పోస్టు చెప్పినట్టే చేశాను. చిన్న ఆంప్లిఫయర్, 4700 మైక్రోఫారడ్ ఫిల్టర్, స్పీకర్‌లో జుర్రుమని మోత. 10,000 వేశాను. రిపుల్ సగానికి తగ్గింది, స్కోప్‌లో కనబడింది కూడా. మోత మాత్రం చెక్కు చెదరలేదు. ఇంకో 10,000 పక్కన అతికించాను. అదే మోత. ఒక సాయంత్రమంతా టెన్షన్.

తప్పు కెపాసిటర్‌లో లేదు, నా వైరింగ్‌లో ఉంది. బ్రిడ్జి నెగటివ్ నుంచి కెపాసిటర్ నెగటివ్‌కి సన్నటి తీగ, పది పదిహేను సెంటీమీటర్లది, వేసి, ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ గ్రౌండ్‌ని దగ్గరగా ఉందని బ్రిడ్జి కాలి దగ్గర కలిపాను. ఆ తీగ నిరోధం 0.01 ఓమ్ అనుకోండి. డీసీ 1 ఆంపియర్ అయితే దాని మీద 10 మిల్లీవోల్టులు, అదీ కదలకుండా, ఎవరికీ వినబడదు. కానీ ఆ తీగలో పారేది లోడ్ కరెంటు కాదు, నింపే పోటు. సెకనుకు వంద సార్లు సున్నా నుంచి 3.5 ఆంపియర్లకు లేచి పడుతుంది, 35 మిల్లీవోల్టుల గుబ్బలు వస్తాయి. ఇన్‌పుట్ గ్రౌండ్ ఒక కొసన, స్పీకర్ గ్రౌండ్ ఇంకో కొసన ఉంటే ఆంప్లిఫయర్ దాన్ని పాటలాగే తీసుకుంటుంది. గెయిన్ 30 ఉంటే స్పీకర్ దగ్గర 1 వోల్టు.

కెపాసిటర్ పెంచితే ఇది తగ్గదు, ఎందుకంటే లోడ్ తాగే 10 మిల్లీకూలుంబులు మారలేదు, అవి అదే తీగ గుండా రావాలి. నాలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో పోటు ఆకారాన్ని ఎక్కువగా తీగల నిరోధమే నిర్ణయిస్తుంది కాబట్టి కెపాసిటర్ మార్చినా ఏమీ కదల్లేదు. నిరోధం బాగా తక్కువ ఉన్న పెద్ద టొరాయిడ్ అయితే, కెపాసిటర్ పెంచేకొద్దీ పోటు ఇంకా సన్నబడి ఎత్తు పెరుగుతుంది, మోత ఎక్కువవుతుంది కూడా. దానికి తోడు స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ షార్ట్‌లాగే కనబడుతుంది. ఒక్క దెబ్బకి 1N4007 ఓర్చుకునేది 30 ఆంపియర్లు. అలాంటి చోట 200 ఆంపియర్ల దెబ్బ తట్టుకునే 1N5408 వేయడం మేలు.

ఏ మోత ఎక్కడిదో చెవితోనే సగం తెలుస్తుంది. రిపుల్‌ది కాస్త మెత్తటి గుయ్. తీగలో పోటుది గరుకుగా జుర్రుమంటుంది, సన్నటి గుబ్బల్లో 100తో పాటు 200, 300, ఇంకా పైనున్న హెర్ట్జ్‌లు కూడా బలంగా ఉంటాయి కాబట్టి. అనుమానం ఉంటే ఉన్న కెపాసిటర్ పక్కన అంతే విలువది ఇంకొకటి తాత్కాలికంగా పెట్టండి. మోత సగమైతే రిపులే. ఏమీ మారకపోతే గ్రౌండ్ చూడండి. స్కోప్‌లో రిపుల్ 10 బదులు 20 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంటే ఆ రెండూ కాదు, బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోయింది, లేదా దాని కాలు దగ్గర సోల్డర్ పట్టలేదు.

నా ఆంప్లిఫయర్‌లో చివరికి చేసింది ఇంతే. బ్రిడ్జి రెండు తీగలూ నేరుగా కెపాసిటర్ కాళ్లకే, దారిలో ఇంకేమీ కలపకుండా. స్పీకర్, ఇన్‌పుట్ గ్రౌండ్లు రెండూ కెపాసిటర్ నెగటివ్ నుంచి విడిగా తీసిన ఒక చుక్క దగ్గరికి. అదనంగా అతికించిన కెపాసిటర్ విప్పేసి పాత 4700నే తిరిగి వేశాను. వాల్యూమ్ సున్నాలో స్పీకర్‌కి చెవి ఆనించినా ఏమీ వినబడలేదు.